విషయం: యాంటీబయాటిక్స్ తయారుచేసే మట్టి బ్యాక్టీరియాపై చిన్న ప్రాజెక్టు, మీ అనుమతి కోసం

మేడమ్ గారికి నమస్కారం,

నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టుకు ఒక ఆలోచన మీ ముందు పెడుతున్నాను. మన దగ్గరి మట్టిలోంచి స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియాను వేరుచేసి, అవి వేరే బ్యాక్టీరియాను పెరగనివ్వకుండా ఆపుతాయేమో చూడాలని ఉంది. 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది ఈ జాతిలోనే కదా.

నర్సంపేట దగ్గర మా పెద్దనాన్న వాళ్లకు పసుపు చేను, దాని పక్కనే పత్తి చేను ఉన్నాయి. పసుపుకు పెంట ఎరువు బాగా వేస్తారు, పత్తికి ఎక్కువగా పురుగుమందులే. నేల ఒకటే, సాగు వేరు. అందుకే ఈ రెండింటినీ పోల్చాలనిపిస్తోంది. పైమట్టి తీసేసి, 10-15 సెంటీమీటర్ల లోతు నుంచి శాంపిళ్లు తెస్తాను.

మట్టిని ఆరబెట్టి 55 డిగ్రీల దగ్గర కాసేపు వేడిచేస్తే, త్వరగా పెరిగే మామూలు బ్యాక్టీరియా చాలావరకు తగ్గుతుంది. స్పోర్లు తట్టుకుంటాయి. తర్వాత నిస్టాటిన్ కలిపిన స్టార్చ్ కేసీన్ అగార్‌పై వేసి, 28 డిగ్రీల దగ్గర వారం పది రోజులు ఉంచుతాను. పైన సుద్దపొడి చల్లినట్టుండి, లూప్‌తో గీకినా అగార్‌ను వదలని గట్టి కాలనీలనే ఏరుకుంటాను. వాటిని బాసిల్లస్ సబ్టిలిస్, ఈ. కోలై మీద క్రాస్ స్ట్రీక్ చేస్తాను. స్టాఫిలోకాకస్ ఆరియస్ వాడాలా వద్దా అన్నది మీరే చెప్పాలి, మీరు పక్కన లేకుండా దాన్ని ముట్టుకోను.

కొత్త మందు దొరుకుతుందని అనడం లేదు మేడమ్. ఇలాంటి వెతుకులాటలో తెలిసినవే మళ్లీ దొరకడం మామూలే. అయినా మన చేలల్లో ఏముందో ఒక లెక్క తేలితే చాలు.

ల్యాబ్‌లో నిస్టాటిన్ ఉందో లేదో ఒక్కసారి చెప్పగలరా? వీలైతే గురువారం ప్రాక్టికల్స్ అయ్యాక వచ్చి కలుస్తాను.

మీ విద్యార్థిని,
శ్రావణి
ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, రెండో సంవత్సరం, వరంగల్