పక్కింటి అన్నయ్యగారి కుటుంబానికి క్రిస్మస్ శుభాకాంక్షలు

డిసెంబరు 24

గౌరవనీయులైన అన్నయ్యగారికి, వదినగారికి, మామ్మగారికి,

మా ఇంటిల్లిపాదీ నమస్కరించి వ్రాయునది. మీరు రక్షకుడిగా ఆరాధించే యేసుక్రీస్తు ప్రభువు జన్మించిన పర్వదినాన మీకూ, పిల్లలకూ, పండుగకు వచ్చిన మీ బంధువులందరికీ మా హృదయపూర్వక క్రిస్మస్ శుభాకాంక్షలు.

మీ వాకిట్లో నక్షత్రం వెలిగిన రోజు నుంచి దాని వెలుతురు మా వరండాలో సగం దాకా పడుతోంది. తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపిన నక్షత్రానికి గుర్తుగా దాన్ని కడతారని మీ అబ్బాయి చెప్పాడట. అది విన్నప్పటి నుంచి మా చిన్నది అక్కడే చాప పరుచుకుని చదువుకుంటోంది.

ఈ ఏడాది వర్షాకాలంలో మా అమ్మకు అర్ధరాత్రి ఊపిరి ఆడక అవస్థ పడినప్పుడు, మేం తలుపు తట్టిన మరుక్షణమే అన్నయ్యగారు కారు తీయడం, వదినగారు తెల్లవారేదాకా ఆసుపత్రి బల్ల మీద మా పక్కనే కూర్చోవడం మేం ఎన్నటికీ మరిచిపోలేం. ఆ రాత్రి వదినగారు, "మీకు అభ్యంతరం లేకపోతే ప్రార్థన చేస్తాను" అని ముందుగా మమ్మల్ని అడిగారు. అంత కంగారులోనూ మా మనసు నొచ్చుకోకూడదని మీరు చూపిన ఆ మర్యాదకు మాకు కళ్ళు చెమర్చాయి. మీరు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే, పక్కనే మా నాన్నగారు విష్ణు సహస్రనామం చదువుకుంటూ ఉన్నారు.

అమ్మ కోలుకుని ఇంటికి వచ్చిన రోజున మామ్మగారు "ఈ ఇంటికి సమాధానం కలుగుగాక" అని దీవించారు. ఏ ప్రశ్నకు సమాధానమో తెలియక మా పిల్లలు తికమకపడితే, మనశ్శాంతిని మీరు ఆ మాటతో చెప్పుకుంటారనీ, యేసు పుట్టిన రాత్రి పొలంలో మందను కాచుకుంటున్న గొల్లలకు దేవదూతలు వినిపించిన కబురు అదేననీ ఆవిడ ఓపికగా వివరించారు. మాకు ఎప్పటి నుంచో తెలిసిన మాటకే ఇంత చల్లని అర్థం ఉందని ఆ రోజే తెలిసింది. అందుకే ఇవాళ మా శుభాకాంక్షలను ఆ మాటతోనే చెప్పాలనిపించింది.

సత్రంలో చోటు దొరకక పశువుల తొట్టిలో పవళించిన ఆ పసిబాలుని కృప మీ ఇంటి మీద ఎల్లప్పుడూ ఉండాలనీ, రాబోయే సంవత్సరమంతా మీ కుటుంబానికి ఆయురారోగ్యాలూ, సంతోషమూ, సమాధానమూ కలగాలనీ మనసారా కోరుకుంటున్నాం. మామ్మగారి మోకాళ్ళ నొప్పి తగ్గాలని అమ్మ రోజూ దేవుడి దగ్గర దీపం పెట్టి మొక్కుకుంటోంది.

ఈ రాత్రి ఆరాధనకు మీరంతా నిశ్చింతగా వెళ్ళి రండి. మీరు వచ్చేదాకా ఇల్లు మేం చూసుకుంటాం. రేపు ఉదయం మీ ప్రార్థనలు ముగిశాక పిల్లలతో సహా వచ్చి మిమ్మల్ని స్వయంగా కలుసుకుంటాం.

వందనాలతో,
మీ పక్కింటి తమ్ముడు, మరదలు, పిల్లలు, అమ్మానాన్నలు