పర్లాకిమిడి బేకరీ: డిసెంబర్ 2025 పోస్టుల క్యాలెండర్

సోమ, గురు, శనివారాల్లో పోస్టు. వేళ మధ్యాహ్నం 3:30, ఎందుకంటే పఫ్‌లు 4 గంటలకు ఓవెన్‌లోంచి వస్తాయి. అమ్మకం గురించిన ప్రతి పోస్టులో ధర, బరువు, ఆర్డర్ గడువు ఉండాలి. ధర లేకపోతే అందరూ అదే అడుగుతారు, కౌంటర్‌లో జవాబిచ్చే తీరిక ఉండదు.

సోమవారాలు (1, 8, 15): బ్రెడ్, బన్, రస్క్ ఫొటో. 22న మాత్రం క్రిస్మస్ ఆర్డర్లకు ఆఖరి పిలుపు, 23 రాత్రి 8కి పుస్తకం మూసేస్తాం.

గురువారాలు (4, 11, 18): మార్గశిర లక్ష్మీవారాలు, ఇళ్ళల్లో గుడ్డు ముట్టరు. ఎగ్‌లెస్ కేకే పెట్టండి. ఆ రోజు గుడ్డు పఫ్ ఫొటో పెడితే మనసు నొచ్చుకుంటుంది. 25న శుభాకాంక్షలు, అమ్మకం మాట వద్దు.

శనివారాలు: 6న ఎండుద్రాక్ష, టూటీ ఫ్రూటీ నారింజ రసంలో నానబెట్టే 20 సెకన్ల వీడియో. రసంలో నానేవి ఫ్రిజ్‌లోనే ఉంచాలి, బయట పులుస్తాయి. 13న ప్లమ్ కేక్ ముక్క దగ్గరగా, 20న అరకిలో, కిలో ధరల పట్టిక, 27న కొత్త సంవత్సరం కేకులు.

29న ఆర్డర్ గుర్తుచేయండి, 31 బుధవారమైనా ఆ రోజు కౌంటర్ వేళలు పెట్టండి.

ఫొటోలన్నీ ఆదివారం ఉదయం కిటికీ పక్కన తీసేయండి. ట్యూబ్‌లైట్ కింద క్రీమ్ పచ్చగా, పాతదానిలా కనబడుతుంది. కేకు పూర్తిగా చల్లారాకే కోయండి, వేడిమీద కోస్తే ముక్క పొడి రాలుతుంది.

తెలుగు, ఒడియా రెండూ రాయండి. ఒడియా వాక్యం తెలిసినవాళ్ళకు ఒకసారి చూపించాకే పెట్టండి. వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో పోతుంది, మర్నాడు మళ్ళీ పెట్టాలి.