ఒంట్లో బాగానే ఉంటే బీపీ మాత్ర ఇంకా ఎందుకు?

పోయిన నెల మన క్లినిక్‌కి ఒక పెద్దమ్మ వచ్చింది. బీపీ చూస్తే 176/102. "మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?" అని అడిగితే కొంగు ముడి విప్పి షీటు చూపించింది. పదింటిలో ఎనిమిది అలాగే ఉన్నాయి. "తలనొప్పి తగ్గింది కదా తల్లీ, మళ్లీ వచ్చినప్పుడు వేసుకుందామని దాచుకున్నా" అంది. ఆమె పొదుపు చేస్తున్నాననే అనుకుంది పాపం. మీలోనూ అలా దాచుకున్నవాళ్లు ఉంటారని ఈ మాట చెబుతున్నాను.

జ్వరం తగ్గితే మాత్ర ఆపేస్తాం. బీపీ అలా వచ్చి పోయేది కాదు. ఈ రోజు వేసుకున్న మాత్ర ఈ రోజుకే కాస్తుంది, రేపటికి మళ్లీ వేసుకోవాల్సిందే. మిషన్‌లో 130/80 వచ్చిందంటే జబ్బు పోయినట్టు కాదు, మాత్ర పనిచేస్తున్నట్టు. గేదెలు చేలో పడటం లేదని కంచె పీకేస్తామా?

"నాకు కళ్లు తిరగడం లేదు, ఏ బాధా లేదు" అంటారు. చిక్కంతా అక్కడే. పైన 180 ఉన్నా చాలామందికి ఏమీ తెలియదు. మిరప కోతకి వెళ్లొస్తారు, అన్నం తింటారు, నిద్రపోతారు. లోపల రక్తనాళాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. బోరు నీళ్లు మరీ జోరుగా తోస్తుంటే పైపు మొదటిరోజే పగలదు కదా, జాయింట్లు వదులవుతూ వదులవుతూ ఒకరోజు విడిపోతుంది. మెదడులో రక్తనాళం అలా చిట్లినా, మూసుకుపోయినా పక్షవాతమే. గుండె, కిడ్నీలు, కంటిచూపు కూడా దెబ్బతింటాయి. మూతి వంకర పోయినా, చెయ్యి ఉన్నట్టుండి పట్టు తప్పినా, మాట తడబడినా నాటువైద్యం కోసం తిరగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఏళ్ల తరబడి మాత్రలు మింగితే కిడ్నీలు పోతాయని రచ్చబండ దగ్గర ఎవరో ఒకరు చెబుతారు. కిడ్నీలను తినేసేది అదుపులో లేని బీపీ. మోకాళ్ల నొప్పులకని ఎవరినీ అడక్కుండా కొనుక్కుని రోజూ మింగే నొప్పి మాత్రలున్నాయే, భయపడితే వాటికి భయపడండి. అవి బీపీని పెంచుతాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి.

బీపీ మాత్ర కొందరికి పడకపోవచ్చు. పాదాలు వాచినా, పొడిదగ్గు పట్టుకున్నా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా వచ్చి చెప్పండి, డాక్టరుగారు వేరేది రాస్తారు. పచ్చడి, అప్పడం, ఎండుచేప తగ్గించి, రోజూ నడిచి, బరువు తగ్గితే డోసు తగ్గించే వీలూ ఉంటుంది. అది డాక్టరుగారు చూసి చెప్పాలి, మీకు మీరు సగం చేసుకోకూడదు. పొద్దున మర్చిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాడు మాత్రం రెండు కలిపి వేసుకోవద్దు.

వచ్చే నెల వచ్చేటప్పుడు ఖాళీ షీట్లు కూడా తెండి. బీపీ చూపించుకోవాలని ఆ పూట మాత్ర మానేసి రాకండి. ఉపవాసమైనా సరే, గ్లాసు నీళ్లతో వేసుకునే రండి.