ఆటోనగర్ అకౌంటెంట్ పోస్టు: నాకు వచ్చిన పనులు, రాని పనులు

అక్కా, నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో వాళ్లు అడిగినవన్నీ ఒక్కొక్కటిగా రాసుకుని, పక్కన నా సంగతి రాశాను. నా చేత్తో చేసిన పనికే ‘ఉంది’ అని పెట్టాను. శనివారంలోపు అప్లై చేయాలి కాబట్టి మొహమాటం లేకుండా చెప్పు.

☑ బీకాం, 2 ఏళ్ల అనుభవం: ఉంది. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఓనరు గారిని అడగాలి.

☑ టాలీ ప్రైమ్: ఉంది. సేల్స్, పర్చేజ్, రిసీట్, పేమెంట్ వోచర్లు, క్రెడిట్ నోట్లు రోజూ నేనే వేస్తాను. కొత్త కంపెనీ క్రియేట్ చేసి ఓపెనింగ్ బ్యాలెన్సులు ఎక్కించడం మాత్రం చేయలేదు. లాప్‌టాప్‌లో ఎడ్యుకేషనల్ మోడ్ వేసుకుని చేసి చూస్తాను.

☑ ఈ-వే బిల్లులు: ఉంది. విలువ 50,000 రూపాయలు దాటిన లోడ్లన్నిటికీ నేనే తీస్తాను. దారిలో బండి మారితే పార్ట్-బి మార్చడం కూడా వచ్చు.

◐ జీఎస్టీ రిటర్న్‌లు GSTR-1, GSTR-3B: సగం. నా అసలు లోటు ఇక్కడే ఉంది. 11వ తేదీలోపు వెళ్లాల్సిన GSTR-1కి అమ్మకాల డేటా అంతా నేనే సిద్ధం చేసి ఆడిటర్ గారికి పంపుతాను. బీ2బీ బిల్లుల్లో జీఎస్టీ నంబర్లు, హెచ్ఎస్ఎన్ కోడ్లు సరిచూసేదీ నేనే. ఆ తర్వాత పోర్టల్‌లో ఏం జరుగుతుందో చూడలేదు. 3Bకి ముందు మన కొనుగోలు బిల్లులు GSTR-2Bలో వచ్చాయో లేదో పోల్చాలి. సప్లయర్ తన రిటర్న్‌లో మన బిల్లు చూపించకపోతే అది 2Bలోకి రాదు, ఇన్‌పుట్ క్రెడిట్ ఆగిపోతుంది. స్పేర్ పార్ట్స్ వ్యాపారంలో సప్లయర్లు పదుల్లో ఉంటారు, ఇంటర్వ్యూలో ఇదే గుచ్చి గుచ్చి అడుగుతారని నా నమ్మకం. ప్రతి నెలా 14న 2B వస్తుంది. ఈసారి ఆడిటర్ గారి ఆఫీసులో పక్కన కూర్చుని చూస్తానని అడుగుతాను.

☐ బ్యాంక్ రీకన్సిలియేషన్: లేదు. అయినా భయం లేదు. స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని, ఇచ్చిన చెక్కుల్లో ఏవి ఇంకా పాస్ కాలేదో, బ్యాంకు కోసిన ఛార్జీల్లో ఏవి మన పుస్తకంలో ఎక్కలేదో వెతకడమే. మన షాపు పాత నెల స్టేట్‌మెంట్‌తో రేపే మొదలుపెడతాను.

☐ టీడీఎస్: లేదు. కోసిన మొత్తాన్ని మరుసటి నెల 7లోపు కట్టాలన్నంత వరకే తెలుసు. రెజ్యూమేలో రాయను.

◐ ఎక్సెల్: సగం. ఫిల్టర్, SUMIF వచ్చు. VLOOKUP చూసి చేస్తాను, చూడకుండా రాదు. 2B పోల్చడానికీ అదే కావాలి కాబట్టి ముందు దీన్ని నేర్చుకుంటాను.

☑ తెలుగు, హిందీ మాట్లాడటం: ఉంది. లారీ డ్రైవర్లతో రోజూ హిందీలోనే.

మొత్తం మీద అప్లై చేయాలనే ఉంది. నాకు రానివి నేర్చుకోలేనంత పెద్దవి కావు, పైగా ఈ-వే బిల్లుల్లో నాకున్నంత అలవాటు అందరికీ ఉండదు.

స్క్రీన్‌షాట్‌లో చివరి లైన్లు కట్ అయిపోయాయి, జీతం, పని వేళలు కనిపించడం లేదు. నీకు పంపిన వాళ్లని అడిగి పూర్తి ఫొటో తెప్పించు అక్కా. రాత్రి 8 దాటాక పని అంటే హాస్టల్ గేటు సంగతి ముందే చూసుకోవాలి.