మన ఇంటి వరద సంచి: లోపల ఏమున్నాయి, ఏది ఎప్పుడు మార్చాలి

హనుమకొండ, నయీంనగర్, కింది పోర్షన్. రాసిన తేదీ: 2026 మే 24. ఈ కాగితం బీరువా తలుపుకు లోపలివైపు ఉంటుంది, జిరాక్స్ సంచిలో ఉంటుంది. ఏది మార్చినా రెండింటిలోనూ తేదీ దిద్దాలి.

2023 జులైలో మోరంచపల్లి జనం తెల్లారేసరికి ఇళ్ల కప్పుల మీద ఉన్నారు. మనం ఉండేది నాలా పక్కన. అర్ధరాత్రి నీళ్లు గుమ్మం దాకా వస్తే బీరువాలో వెతికే టైం ఉండదు. అందుకే సంచి ఎప్పుడూ ముందు గది తలుపు పక్కన మేకుకే వేలాడాలి. నేల మీద పెట్టొద్దు, అటక మీద అసలే పెట్టొద్దు. మన ఎండలకు అటక మీద మందులు, బ్యాటరీలు రెండూ పాడవుతాయి.

నీళ్లు

☐ లీటరు సీల్ బాటిళ్లు 4. ఎక్స్‌పైరీ: 2026 నవంబర్
☐ క్లోరిన్ మాత్రలు 1 స్ట్రిప్. ఎక్స్‌పైరీ: 2028 ఫిబ్రవరి

మనిషికి రోజుకు 3 లీటర్లనుకున్నా ఐదుగురికి 15 లీటర్లు, అంటే 15 కిలోల బరువు. అత్తమ్మ చేయి పట్టుకుని, చిన్నోణ్ని ఎత్తుకుని అంత మోయలేం. అందుకే సంచిలో నాలుగే. వాన కాలమంతా పై పోర్షన్ వాళ్ల వరండాలో మన 20 లీటర్ల క్యాన్ ఒకటి ఉంటుంది, వాళ్లు ఒప్పుకున్నారు. దాంట్లో నీళ్లు ప్రతి ఆదివారం పారబోసి, క్యాన్ కడిగి, మళ్లీ నింపాలి. క్లోరిన్ మాత్ర ఎన్ని లీటర్లకో స్ట్రిప్ మీద ఉంటుంది. నీళ్లు గుడ్డతో వడగట్టి, మాత్ర వేసి, అరగంట ఆగాకే తాగాలి.

మందులు

☐ అత్తమ్మ బీపీ మాత్రలు 10. ఎక్స్‌పైరీ: 2027 ఆగస్టు
☐ అత్తమ్మ షుగర్ మాత్రలు 20. ఎక్స్‌పైరీ: 2027 మే
☐ పారాసిటమాల్ 650, 1 స్ట్రిప్. ఎక్స్‌పైరీ: 2028 జనవరి
☐ చిన్నోడి జ్వరం సిరప్, సీల్ తీయనిది. ఎక్స్‌పైరీ: 2026 అక్టోబర్ (మందుల్లో అన్నింటికన్నా ముందు అయిపోయేది ఇదే)
☐ ఓఆర్ఎస్ ప్యాకెట్లు 6. ఎక్స్‌పైరీ: 2027 నవంబర్
☐ దూది, కట్టు గుడ్డ, అయోడిన్ మందు. ఎక్స్‌పైరీ: 2027 జూన్
☐ డాక్టర్ చీటీ జిరాక్స్, అత్తమ్మ పాత కళ్లద్దాలు

నెలనెలా అత్తమ్మ మందులు తెచ్చిన రోజే కొత్త స్ట్రిప్ సంచిలో వేసి, సంచిలోది ఇంట్లో వాడకానికి తీయాలి. ఇట్లా చేస్తే ఒక్క మాత్ర కూడా వృథా కాదు. స్ట్రిప్ కత్తిరించి ఇస్తే తేదీ ఉన్న ముక్క మనకే రావాలని షాపులో గట్టిగా అడగండి. తేదీ లేని మాత్ర సంచిలోకి రావొద్దు. నెల మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు దాకా వాడొచ్చు.

ఇన్సులిన్ సంచిలో ఉండదు, ఫ్రిజ్ తలుపులో ఉంటుంది. బయల్దేరేటప్పుడు తీసే పని పెద్దమ్మాయిది. తడిగుడ్డలో చుట్టి ఫ్లాస్కులో పెట్టాలి. ఐసు నేరుగా తగలొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు.

లైటు, ఫోను

☐ టార్చి, సన్న బ్యాటరీలు 3, అదనంగా 3. ఎక్స్‌పైరీ: 2031 మార్చి
☐ పవర్ బ్యాంకు, వైరు. చివరిగా ఫుల్ చార్జింగ్: మే 24
☐ విజిల్

బ్యాటరీలు టార్చిలో వేసి ఉంచొద్దు. నెలల తరబడి ఉంటే కారి స్ప్రింగులు తుప్పు పడతాయి. పక్కనే కవర్లో ఉంచాలి, చీకట్లో ఎట్లా వేయాలో ఇంట్లో అందరికీ రావాలి. పాతవీ కొత్తవీ కలపొద్దు. తేదీ దూరంగా ఉన్నా రెండేళ్లకోసారి కొత్తవి కొని, పాతవి గోడ గడియారానికి వాడదాం.

మిగతావి

☐ పల్లి పట్టీలు, బిస్కెట్లు. ఎక్స్‌పైరీ: 2026 సెప్టెంబర్. సకినాలు వద్దు, పొడైపోతాయి
☐ ఆధార్, రేషన్ కార్డు, పట్టా పాస్‌బుక్ జిరాక్సులు, జిప్ కవర్లో
☐ 2,000 రూపాయలు, అన్నీ వంద, యాభై నోట్లు. టవర్లు పోతే ఫోన్‌పే నడవదు
☐ తలా ఒక జత బట్టలు, ప్యాడ్లు, రెయిన్‌కోట్లు

మార్చే రోజులు

2026 జూన్ 7, ఆదివారం, మిరుగుకు ముందు: సంచి మొత్తం చాప మీద పరిచి చూడాలి. చిన్నోడి బట్టలు సరిపోతున్నాయా చూడాలి. పై వరండాలో క్యాన్ పెట్టాలి.
సెప్టెంబర్ 6: తినేవి మార్చాలి, సిరప్ కొత్తది కొనాలి. పవర్ బ్యాంకుతో ఫోను చార్జ్ చేసి, మళ్లీ ఫుల్ చేయాలి.
నవంబర్ 1: సీల్ బాటిళ్లు మార్చాలి. పాతవి ఆ వారంలోనే తాగేయాలి.
డిసెంబర్ 6: టార్చి, పవర్ బ్యాంకు, తినేవి.
2027 మార్చి 7: మందుల తేదీలన్నీ, పవర్ బ్యాంకు, తినేవి. మేలో అయిపోయే షుగర్ మాత్రలు అప్పటికే మారి ఉండాలి.

బయల్దేరే ముందు

నీళ్లు ఇంకా లోపలికి రాకపోతేనే మెయిన్ ఆఫ్ చేయాలి. తడి కాళ్లతో స్విచ్చు ముట్టొద్దు. గ్యాస్ కట్టేయాలి. ముందు పై పోర్షన్‌కు, అక్కడి నుంచి 112కు ఫోన్. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే 108.

సంచి మోసేది: పెద్దమ్మాయి నాన్న. ఆయన డ్యూటీలో ఉంటే నేను. తేదీలు చూసేది: నేను. నేను ఊళ్లో లేని నెలలో పెద్దమ్మాయి.