అటక మీది సూట్‌కేసు, అందులో మరిచిపోయిన గొడుగు: బూజు, ముక్కిన వాసన పోవాలంటే

రెండేళ్లుగా అటక మీద పడున్న గుడ్డ సూట్‌కేసు దించి జిప్పు తీయగానే ముక్కిన వాసన గుప్పుమంటుంది. వెంటనే చాలామంది చేసే పని సెంటు కొట్టడం, కాదంటే నాలుగు కలరా ఉండలు వేయడం. దాంతో ఒక వాసన కాస్తా రెండవుతుంది, బూజు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. పైగా కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ పసిపిల్లలకు మంచిది కాదు. ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలకైతే ఎర్ర రక్తకణాలు చిట్లిపోయే ప్రమాదం ఉంది.

కాకినాడలో మా పిన్ని వాళ్లింట్లో ఈ మధ్య దించిన సూట్‌కేసు సంగతే చెప్తాను. నీలం రంగు పాలిస్టర్ ట్రాలీ బ్యాగు. బాత్‌రూమ్ మీది అటకలో గోడకు ఆనించి పెట్టారు, పైన దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవరు చుట్టారు. గోడవైపు గుడ్డ మీద బూడిదరంగు చుక్కలు. లోపల లైనింగ్ మూలల్లో తెల్లటి నూగు. ముందు జేబు తెరిస్తే అసలు దొంగ దొరికింది: మడత గొడుగు, తడిగానే తొడుగులో దూర్చేసి మరిచిపోయింది. కమ్మీల కీళ్ల దగ్గర తుప్పు, మడతల వెంట నల్ల చారలు.

గాలిలో తేమ 60 శాతం దాటి, గాలి ఆడకుండా ఉంటే బూజుకు అంతకంటే ఏం కావాలి? సముద్రం ఒడ్డు ఊళ్లలో వర్షాకాలమంతా అదే పరిస్థితి. పాలిస్టర్, నైలాన్ దానికి పెద్ద తిండి కాదు. గుడ్డకు పట్టిన దుమ్ము, చేతుల చెమట, లైనింగ్ వెనకాల ఉండే అట్ట, జిగురు, ఇవీ దాని తిండి. అందుకే పైపైన తుడిస్తే వాసన పోయినట్టే పోయి వారంలో మళ్లీ వస్తుంది.

ముందు తడి గుడ్డ ముట్టుకోకండి. తడిపితే పొడిగా రాలాల్సిన బూజు గుడ్డలోకి ఇంకుతుంది. మాస్కు కట్టుకుని, సూట్‌కేసును డాబా మీదకో పెరట్లోకో తీసుకెళ్లి, జిప్పులన్నీ తీసి, పొడి బ్రష్‌తో మెల్లగా దులపండి. ఇంట్లో ఫ్యాను కింద ఈ పని వద్దు, ఆ పొడి గదంతా లేస్తుంది. ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. దులిపిన బ్రష్‌ను, మీరు వేసుకున్న బట్టలను వెంటనే వేడినీళ్ల సబ్బులో వేసేయండి.

ఇప్పుడు లోపలికి. చాలా సూట్‌కేసుల్లో అడుగు లైనింగ్‌కు ఒక సన్నని జిప్పు ఉంటుంది, ఎవరూ దాని జోలికి పోరు. అది తీస్తే హ్యాండిల్ గొట్టాలు, వాటి చుట్టూ అట్టో ప్లాస్టిక్ పలకో కనిపిస్తాయి. పిన్ని బ్యాగులో వాసన సగం అక్కడిదే: అట్ట చెమ్మతో ఉబ్బి, వేలితో నొక్కితే మెత్తగా దిగింది. ఆ ముక్క బయటికి వచ్చేదైతే తీసి పారేసి, అదే కొలతకు ప్లాస్టిక్ షీటు కోసి పెట్టుకోవచ్చు. నానిన అట్టను బాగుచేయాలని కూర్చోవడం దండగ.

తుడవడానికి కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్ చాలు. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి, గుడ్డను ముంచి గట్టిగా పిండి, చుక్కలున్న చోటల్లా అద్దుతూ తుడవండి. కుట్ల దగ్గర, జిప్పు పళ్ల పక్కన పాత టూత్ బ్రష్ బాగా పనికొస్తుంది. ముందు ఎవరికీ కనిపించని మూల ఒకసారి రుద్ది, రంగు దిగడం లేదని చూసుకోండి. పావుగంట ఆగి, రెండు చుక్కల షాంపూ కలిపిన నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో ఒకసారి తుడిస్తే సరి. ఏం చేసినా గుడ్డ తేమగా మాత్రమే ఉండాలి, నీళ్లు కారకూడదు. బకెట్లో ముంచారంటే లోపలి పొరలు ఎప్పటికి ఆరుతాయో ఎవరూ చెప్పలేరు.

బ్లీచింగ్ జోలికి వెళ్లకండి. రంగు పోతుంది, నైలాన్ పాడవుతుంది. దాన్ని వెనిగర్‌తో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. ఇంకొకటి, వీడియోల్లో వెనిగర్, వంటసోడా కలిపి నురగ పొంగించి చూపిస్తుంటారు. చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపేసుకున్నాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. రెండూ కావాలి, కానీ వేర్వేరుగా.

అసలు పని ఆరబెట్టడం. సూట్‌కేసును పూర్తిగా తెరిచి, పక్కకు నిలబెట్టి, లైనింగ్ జిప్పు కూడా తెరిచే ఉంచి, టేబుల్ ఫ్యాను దాని ముఖాన పెట్టండి. ఉదయం ఎండ రెండు మూడు గంటలు తగిలితే మరీ మంచిది, రోజంతా పెడితే రంగు వెలుస్తుంది. ముసురు రోజుల్లో మాత్రం ఈ పని మొదలుపెట్టొద్దు. పైన ఆరినట్టే ఉంటుంది, అందుకని చెయ్యి లైనింగ్ లోపలికి పోనిచ్చి చూడండి. చల్లగా తగిలిందంటే ఇంకా చెమ్మ ఉన్నట్టే.

బాగా ఆరాక వంటసోడా. లోపలంతా పలచగా చల్లి, జిప్పు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున దులిపేసి వాసన చూడండి, ఉంటే మరోసారి. కాఫీ పొడి, అగరుబత్తులు, సబ్బు ముక్కలు వాసనను కప్పుతాయి తప్ప తీసేయవు.

గొడుగు సులువు, ఎందుకంటే దాన్ని భయం లేకుండా కడగొచ్చు. తెరిచి పొడిగా దులిపి, వెనిగర్ నీళ్లు మడతల వెంట రాసి, పావుగంటయ్యాక గోరువెచ్చని సబ్బునీళ్లతో మెత్తని బ్రష్ పెట్టి రుద్దండి. గట్టిగా రుద్దితే నీళ్లు జారిపోయేలా వేసిన పూత లేచిపోతుంది. కడిగాక తెరిచే ఉంచి నీడపట్టున ఆరబెట్టండి. ఇంట్లో గొడుగు తెరవకూడదని పెద్దవాళ్లు అంటే వరండాలో పెట్టుకోండి, గొడవెందుకు! కీళ్లకు పట్టిన తుప్పును పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో చుక్క కుట్టు మిషను నూనె వేస్తే మళ్లీ సాఫీగా తెరుచుకుంటుంది. తొడుగును విడిగా ఉతకడం మరిచిపోవద్దు, వాసన మోసేది ఎక్కువగా అదే.

ఇంత చేశాక కూడా నల్ల చుక్కల నీడ మిగలొచ్చు. అది గుడ్డకు దిగిన మరక. వాసన లేకుండా, పొడిగా ఉంటే దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. లోపలివైపు జిగటగా అయి పొరలు పొరలుగా రాలుతుంటే మాత్రం అది బూజు కాదు, వెనకాల వేసిన పూతే చెడిపోయింది. దానికి మందు లేదు. గొడుగైతే బాగుచేసేవాళ్ల దగ్గర కొత్త గుడ్డ వేయించుకోవచ్చు, సూట్‌కేసైతే వదిలించుకోవడమే.

మళ్లీ అటక ఎక్కించేటప్పుడు ప్లాస్టిక్ కవరు బదులు పాత దుప్పటి చుట్టండి. గోడకు నాలుగు అంగుళాలు ఎడం ఉంచి, జిప్పు కొంచెం తెరిచి పెట్టండి. చెప్పుల డబ్బాల్లో వచ్చే చిన్న సిలికా జెల్ పొట్లాలు ఒకటి రెండు సూట్‌కేసుకు ఏ మూలకీ చాలవు, చాలాకాలం బయట పడున్నవైతే అప్పటికే తేమ పీల్చేసుకుని ఉంటాయి. కొట్లో అమ్మే తేమ పీల్చే డబ్బాలు పనిచేస్తాయి గానీ, వాటిలో నీళ్లు చేరతాయి. అందుకని డబ్బాను సూట్‌కేసు లోపల కాకుండా అటకలో పక్కన నిలబెట్టండి. వర్షాకాలం మధ్యలో ఒకసారి, దసరాకు ఇల్లు దులిపేటప్పుడు ఇంకోసారి దించి గాలికి పెడితే చాలు. గొడుగును మాత్రం ఇక సూట్‌కేసులో పెట్టకండి, తలుపు వెనక మేకుకు తగిలించండి.