మిర్యాలగూడ మా వర్క్‌షాపు నుంచి ఆయుధపూజ, దసరా శుభాకాంక్షలు

రైస్ మిల్లు యజమానులకు, ట్రాక్టర్, హార్వెస్టర్ అన్నలకు, మాతో పనిచేసే వెల్డర్లందరికీ పండుగ శుభాకాంక్షలు. మీ బండ్లు, మిషన్లు ఏడాదంతా ఆగకుండా నడవాలి.

నవమి రోజు పొద్దున 10 గంటలకు మా దగ్గర పూజ. కుటుంబంతో రండి, ప్రసాదం తీసుకుని పోండి.

మీ దగ్గర పూజ చేసేటప్పుడు ముందు మెయిన్ స్విచ్ ఆఫ్ చేయండి. పసుపు, కుంకుమ బాడీకి పెట్టండి గానీ లేత్ బెడ్డు మీద వద్దు. తడికి ఒక్క రాత్రిలోనే తుప్పు పడుతుంది, పొడి నూనెలో కలిసి స్లైడ్‌ను గీకుతుంది. మళ్లీ స్టార్ట్ చేసే ముందు చక్‌కు, పుల్లీలకు కట్టిన దండలు విప్పండి. పూలదారం చుట్టుకుంటే చెయ్యి కూడా లాగుతుంది. గుమ్మడికాయ మాత్రం గేటు బయటే కొట్టండి, ముక్కల మీద టైరు జారుతుంది.

పండుగ తెల్లారి నుంచి షాపు మామూలే. వరి కోతలు దగ్గర పడ్డాయి కాబట్టి ఎలివేటర్ షాఫ్టులు ఒకసారి తిప్పి చూసుకోండి. 6210 బేరింగ్ కూర్చునే చోట 50 మి.మీ. ఉండాలి. పదో వంతు మి.మీ. అరిగినా లోపలి రింగు జారి షాఫ్టును తింటూనే ఉంటుంది. వెల్డింగ్‌తో నింపి, మెల్లగా చల్లారనిచ్చి టర్నింగ్ చేయాలి. తొందరపడి నీళ్లు పోస్తే వంగుతుంది, అందుకే సీజన్ మధ్యలో కంటే ఇప్పుడే నయం. కేజ్ వీల్స్, ట్రాలీ హుక్ పిన్నులు, పుల్లీలు కూడా చేస్తాం. పాత ముక్క తెస్తే కొలత తప్పదు. లేకుంటే పక్కన టేపు పెట్టి ఫొటో తీసి ఇదే నంబరుకు పంపండి, రేటు చెబుతాం.

జమ్మి పెట్టి అలయ్ బలయ్ తీసుకోవడానికి దసరా సాయంత్రం షాపు దగ్గరే ఉంటాం.

— వర్క్‌షాపు సిబ్బంది